విజ్ఞప్తిలో చెప్పుల పేరా

నా జన్మలో చాలా ఉత్తరాలు చూశాను. వాటిలో గొప్పది నాకు వచ్చింది కాదు, నేను రాసిందీ కాదు, తెలుగులో ఉన్నదీ కాదు. కథియావాడ్‌లో ఒక పల్లెటూరి బడికి గ్రంథాలయం కట్టించాలని, చందాలు అడుగుతూ, మలయా దేశపు పినాంగులో కూర్చుని ఒక ముసలి గుమాస్తా గుజరాతీలో రాసిన విజ్ఞప్తి అది. దాన్ని ఆయన రెండుసార్లు రాయవలసి వచ్చింది. ఒకే ఉత్తరం రెండోసారి ఎందుకు రాశాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారేటట్టు లేదు, అందుకే రాసేస్తున్నాను.

నేను అప్పుడు పినాంగులో ఒక గుజరాతీ శెఠ్ దగ్గర పోకచెక్కల గోదాములో కిరాణీని, అంటే సరుకు లెక్క చూసేవాణ్ణి. మా నాన్న విశాఖపట్నం వైపు నుంచి వచ్చి సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో పాలు గీశాడు. తోటలో బడి అంటే రేకుల షెడ్డు. అందులో ఉన్న ఒకే ఒక పుస్తకం పంతులు తలకింద ఉండేది. నేను నాలుగు తమిళ అక్షరాలూ, నాలుగు ఇంగ్లీషు అంకెలూ పట్టుకుని రైలెక్కి ఊళ్ళోకి వచ్చి పడ్డాను. గోదాములో బస్తాలు తూయించడం, మేలు చెక్క, నాసి చెక్క వేరు చేయించడం, ఓడకి ఎక్కించడం నా పని. గుజరాతీ మాత్రం మెహతాజీ నేర్పాడు.

మెహతాజీ అంటే పేరు కాదు. గుజరాతీవాళ్ళు గుమాస్తాని అలా పిలుస్తారు. పల్లెటూరి బడిపంతులుని పిలిచేదీ అదే మాట. ఈయన తండ్రి బడిపంతులు, ఈయన గుమాస్తా, ఇద్దరూ మెహతాజీలే. శెఠ్‌దీ ఈయనదీ ఒకే ఊరు, ఒకే బడి. ఆ ఊరివాళ్ళు పినాంగు మొత్తం మీద వీళ్ళిద్దరే. శెఠ్ పెద్ద వర్తకుడై, నమ్మకమైన చెయ్యి కావాలని ఈయన్ని దేశం నుంచి పిలిపించుకున్నాడు. బొంబాయికి, రంగూనుకి, సింగపూరుకి వెళ్ళే ఉత్తరాలన్నీ మెహతాజీ చేత్తోనే వెళ్ళేవి.

ఆయన రాత రెండు రకాలు. వ్యాపారం ఉత్తరాలకి గుడులూ కొమ్ములూ ఎగరగొట్టిన గొలుసుకట్టు రాత. ఆ వర్తకులు తప్ప ఎవడూ చదవలేడు. ఊరికి రాసే ఉత్తరాలకి మాత్రం బడిలో పలకమీద దిద్దించే నిండు రాత. ఆ రాత చూస్తే, భాష రానివాడికి కూడా చదవాలనిపిస్తుంది. నాకు అలాగే వచ్చింది గుజరాతీ.

ఆయనకి పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. లోకంలో ఆయనకి ఉన్న ఆశ ఒక్కటే. ఊళ్ళో బడికి ఒక గ్రంథాలయం. బడి ఒకే గది. పుస్తకాలు ఒక రేకు పెట్టెలో ఉండేవి, చాలావరకు ఆయన తండ్రి కూడబెట్టినవే. అక్కడి పంతులు రాసిన ప్రతి ఉత్తరంలోనూ చెదల గురించి ఒక ముక్క ఉండేది. అది చదివినరోజు మెహతాజీ అన్నం సరిగ్గా తినేవాడు కాదు. "మళ్ళీ చెదలా?" అని నేను వేళాకోళం చేస్తే, "నీ పోకచెక్కలకి పురుగు పడితే తెలుస్తుందిరా భాయ్" అనేవాడు.

ఒక ఏడు దీపావళి ముందు ధైర్యం చేసి శెఠ్‌ని అడిగాడు. లాభ పంచమి నాడు, అంటే దీపావళి తరవాత వర్తకులు కొత్త ఖాతాలు తెరిచి ముహూర్తం చేసుకునే రోజున, ఊళ్ళో గుజరాతీ పెద్దలంతా మా శెఠ్ పేఢీకే వచ్చేవారు. పేఢీ అంటే కొట్టు వెనక తెల్ల పరుపులు పరిచిన పెద్ద గది. ఆవేళ విజ్ఞప్తి చదివి చందాల కాగితం తిప్పుకోవచ్చా అని అడిగాడు.

"రాసుకో, చదువుకో. మంచి పనేగా!" అన్నాడు శెఠ్.

"ముందు మీరొకసారి చూస్తే..."

"నీ రాత నేను దిద్దేదేమిటయ్యా, నువ్వు పంతులు కొడుకువి" అన్నాడు. ఆ మాటకి మెహతాజీ పొంగిపోయాడు.

విజ్ఞప్తి రాయడం ఎంత పనో నాకు అప్పుడు తెలిసింది. చిత్తుప్రతులు ఎన్ని చింపాడో లెక్కలేదు. సాయంత్రాలు గోదాము అరుగుమీద కూర్చుని నాకు చదివి వినిపించేవాడు. నాకు అర్థం కాని మాట వస్తే కొట్టేసేవాడు.

"వర్తకుడు ఉత్తరం విప్పగానే డబ్బు అడిగితే వాడి చెయ్యి జేబుమీద పడుతుంది, జేబు మూసెయ్యడానికి" అనేవాడు. "ముందు వాడికి గుర్తు చెయ్యాలి. వాడి పలక, వాడి పంతులు, వాడి ఊరి దుమ్ము. గుర్తొచ్చాక అడగాలి. అడిగాక ఎక్కువ మాట్లాడకూడదు."

పైన మధ్యలో 'శ్రీ'. దాని కింద, సముద్రం దాటివచ్చి వ్యాపారం చేసుకుంటున్న సోదరులకు నమస్కారాలు. తరవాత ఊరు, బడి, చెదపెట్టె. ఆ పైన పని వివరం: బడి పక్కన స్థలం ఊరిపెద్దలు ఇచ్చారు, మేస్త్రీ ఇంత అవుతుందని అంచనా రాసి ఇచ్చాడు, వానలకి ముందే కప్పు పడాలి. డబ్బు ఎవరిచేతికి అందుతుంది, రసీదు ఎవరు పంపుతారు, లెక్కలు ఎప్పుడు అచ్చువేసి పంచుతారు. పెద్ద మొత్తం ఇచ్చినవారి పేరు పాలరాతిమీద ఎక్కుతుంది. చిన్నవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా వాళ్ళ సామెత ఒకటి పెట్టాడు: పువ్వు కాకపోతే పూరేకు. అంటే పువ్వు ఇవ్వలేనివాడు రేకైనా ఇవ్వచ్చు, అదీ పూజకే వెళుతుంది అని. చివర "సేవకుడు" అని తన సంతకం. శుభకార్యం ఉత్తరం కనక నాలుగు మూలలా కుంకుమ చిలకరించాడు.

నడుమ ఒక పేరా ఉంది. ఆయన ప్రాణమంతా అందులోనే పెట్టాడు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, తెలుగులో చెప్తాను.

"ఎండాకాలం మా ఊరి నది ఎండిపోతుంది. అవతలి పేట నుంచి బడికి వచ్చే దారంతా కాలే ఇసక. ఆ ఇసకలో నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కి ఒక విధవరాలి కొడుకు బడి మానేశాడు. పంతులు వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. తన వెంట వచ్చిన సొంత కొడుకు కాళ్ళనుంచి చెప్పులు విప్పించి, ఆ పిల్లాడికి తొడిగి, రేపటినుంచి రా అన్నాడు. ఆ పిల్లాడు ఈనాడు సముద్రానికి ఇవతల వర్తకుడి గాదీమీద కూర్చున్నాడు. ఆనాడు ఒకరి చెప్పులు ఒకరిని బడిదాకా చేర్చాయి. ఈనాడు పిల్లలు బడిదాకా వస్తున్నారు, వచ్చాక చదవడానికి పుస్తకం లేదు."

"ఆ విధవరాలి కొడుకు మన శెఠేనా?" అన్నాను.

"మరెవరు?"

"చెప్పులు విప్పినవాడు మీరేనా?"

నవ్వాడు. "ఒక ఎండాకాలం నేను ఉత్తికాళ్ళతో తిరిగాను. అదేమంత పెద్ద విషయం కాదు. పేరాలో మా నాన్న పేరూ లేదు, నా పేరూ లేదు. శెఠ్ పేరూ లేదు. కానీ వింటే ఆయన గుండె కరుగుతుంది, చూడు."

ఆయన అలా అనుకోవడానికి కారణం ఉంది. ఆ వర్తకులు బీదతనం దాచుకునే జాతి కాదు. "ఒక లోటా, ఒక తాడు పట్టుకుని ఓడెక్కాను" అని ప్రతి శెఠూ మీసం మెలేసి చెప్పుకుంటాడు. దారిలో ఎక్కడ నుయ్యి కనపడితే అక్కడ నీళ్ళు తోడుకుని తాగి వచ్చానని అర్థం. మా శెఠ్ ఆ కథ ఏటా దీపావళికి చెప్పేవాడు, ఏటా తాడు ఇంకాస్త పాతబడేది. అంచేత బీదతనం చెప్తే ఆయనకి గర్వమే అనుకున్నాడు మెహతాజీ. అక్కడే బోల్తాపడ్డాడు. లోటాతో వచ్చానంటే, నా రెక్కలమీద నేను పైకొచ్చానని. ఇంకొకడి చెప్పుల్లో నడిచి వచ్చావంటే, వాడెవడో నిన్ను పైకి తెచ్చాడని. మొదటిది పదిమందిలో చెప్పుకోవచ్చు. రెండోది చచ్చినా వినకూడదు.

లాభ పంచమి పొద్దున్న పేఢీ నిండిపోయింది. నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని గోడవారన నిలబడ్డాను. మెహతాజీ ఉతికిన ధోవతి కట్టుకుని, తలపాగా సర్దుకుని చదివాడు. ఆయన గొంతులో ఏం ఉందో గానీ, చెదపెట్టె దగ్గరికి వచ్చేసరికే ఒక బట్టల వర్తకుడు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. చెప్పుల పేరా వచ్చింది. గదిలో తలలన్నీ ఒక్కసారి మా శెఠ్ వైపు తిరిగాయి. గౌరవంగానే తిరిగాయి, నేను చూశాను. కానీ తిరిగాయి.

శెఠ్ మొహంలో నవ్వు అలాగే ఉంది. చదవడం అయిపోయాక, "వాహ్, మెహతాజీ! ఏడిపించావయ్యా" అన్నాడు. కాగితం ఇటివ్వు అన్నాడు.

ఇక్కడ వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. చందాల కాగితాన్ని వాళ్ళు టీప్ అంటారు. మొదటి గీత ఊరిపెద్దది. ఆయన ఎంత వేస్తే మిగతావాళ్ళు అంతకి లోపే వెయ్యాలి. పెద్దని మించి వేస్తే ఆయన్ని నలుగురిలో తక్కువ చేసినట్టు. ఆ తరవాత ఆ ఊళ్ళో వ్యాపారం చెయ్యలేరు. అంచేత మొదటి గీతలోనే పని అవుతుందో చెడుతుందో తేలిపోతుంది. అది మెహతాజీకి తెలుసు, గదిలో ప్రతివాడికీ తెలుసు.

శెఠ్ కలం సిరాలో ముంచి, నింపాదిగా వేశాడు. సవా డాలరు.

సవా అంటే ఒకటింపావు. మనకి నూటపదహార్లు ఎలాగో, వాళ్ళకి సవా అలాగ, శుభం. దేవుడికి కొబ్బరికాయతో పెట్టే దక్షిణ. కాబట్టి ఎవడూ తప్పు పట్టడానికి లేదు. గ్రంథాలయానికి ఒకటింపావు డాలరు! ఆవేళ పంచిన తాంబూలాలకి అంతకి నాలుగింతలు అయింది.

కళ్ళు ఒత్తుకున్న బట్టల వర్తకుడు కాగితం అందుకుని, ఆ అంకె చూసి, శెఠ్ మొహం చూసి, కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తరవాత ఒక డాలరు వేశాడు. ఆ పక్కవాడు అర. ఆపైన పావలాలు.

"అదేమిటి అలా చూస్తావు మెహతాజీ?" అన్నాడు శెఠ్, బాలీసుకి ఆనుకుని. "పువ్వు కాకపోతే పూరేకు. నువ్వే రాశావుగా!"

అందరూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. మెహతాజీ సిరాబుడ్డి పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగుతూ, పావలా వేసినవాడికి కూడా "మీ దయ, మీ దయ" అంటూ గది అంతా తిరిగాడు. మధ్యలో మానెయ్యడానికి లేదు. టీప్ మొదలుపెడితే ఆఖరి మనిషిదాకా తిప్పాలి, అదీ పద్ధతే.

ఇంటికి వెళ్ళేసరికి నా మొహం చూసి మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచి లేచింది. ఆమెదీ తోట పుట్టుకే, మాటా అదే, మలాయివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా.

"ఏటైంది మావా? మొకం అలగున్నాదేటి? ఆ ముసిలాయనకి డబ్బులు రానేదా?"

"వచ్చినాయి. సేటు ఒకటింపావు ఎల్లి ఏసినాడు." తోటల్లో డాలరుని ఎల్లి అనేవాళ్ళం.

"ఒకటింపావా! ఓలమ్మో! మా తోట కూలీలమీది కంగాణీ ఎంత పిసినారోడు, ఆడు కూడా గుడికి అయిదు ఎల్లి ఇచ్చినాడు." నేను జరిగిందంతా చెప్పాను. పొయ్యిలో కట్టె ఎగదోసి అంది. "అది పుస్తకాలకి కాదు మావా. ఆ సెప్పులకి కిరాయి ఇచ్చినాడు. ఇంక మీ ముసిలాయన్ని ఒగ్గడు, సూస్కో లా."

ఆమె అన్నట్టే అయింది. నాలుగు రోజులు పోనిచ్చి శెఠ్ మెహతాజీని పిలిచాడు. ఓడ సరుకు కాగితాలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. నన్ను బయటికి పొమ్మనలేదు. నేను వినాలనే అనుకుంటాను.

శెఠ్ అడకత్తెరతో పోకచెక్క కత్తిరించుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "నా కాళ్ళు నీకు అంత బాగా గుర్తున్నాయా మెహతాజీ?"

మెహతాజీకి అప్పుడు అర్థమైంది. "శెఠ్, నేను మిమ్మల్ని పొగడాలనే..."

"ఉత్తరం బాగుంది. అందులో అబద్ధం లేదు. ఒక్క పొరపాటు ఉంది. ఆ చెప్పులు ఎవరి కాళ్ళవి, ఎవరు తొడిగారు అన్నది తారుమారైంది. సరిగ్గా రాయి. మా నాన్న ధర్మాత్ముడు. చెప్పులు లేక ఏడుస్తున్న పంతులు కొడుక్కి చెప్పులు కొనిచ్చాడు. పంతులుకి తిండిగింజలు ఇచ్చాడు. అలా రాయి. గ్రంథాలయానికి ఆయన పేరు. కింద సంతకం నాది. వసంత పంచమికి టీప్ మళ్ళీ పెడదాం. అప్పుడు నేను సవా వెయ్యనులే."

శెఠ్ పాలు తాగే వయసులోనే ఆయన తండ్రి పోయాడు. తల్లి నాలుగిళ్ళలో పిండి విసిరి పెంచింది. ఇది నాకు మెహతాజీ చెప్పగా తెలుసు, శెఠ్‌కి అందరికన్నా బాగా తెలుసు.

"ఆలోచించుకుంటాను" అన్నాడు మెహతాజీ.

"ఆలోచించుకో. చెదలు ఆలోచించవు" అన్నాడు శెఠ్.

చాలా రోజులు ఆయన కలం ముట్టుకోలేదు. వ్యాపారం ఉత్తరాలు రాసేవాడు, అంతే. సాయంత్రం అరుగుమీదకి వచ్చి ఊరికే కూర్చునేవాడు. నేను శెఠ్‌ని నోటికొచ్చినట్టు తిడుతూంటే, ఆయన వారించేవాడు కాదు, కలిసేవాడూ కాదు. ఈలోగా ఊరినుంచి ఉత్తరం వచ్చింది. రేకుపెట్టె అడుగు తుప్పుపట్టి చిల్లుపడిందట, చెదలు లోపలికి పాకి సగానికి పైగా పుస్తకాలు తినేశాయట, మిగిలినవి ఎండలో ఆరబెట్టారట. ఏమేం పోయాయో పంతులు వరసగా రాశాడు. మెహతాజీ ఆ వరస పైకి చదివాడు. వాటిలో కొన్నిటి అట్టలు తన తండ్రి గంజి కాచి అంటించినవని చెప్పాడు. చెప్పి లోపలికి వెళ్ళి, కాగితం పరుచుకున్నాడు.

"రాయకండి" అన్నాను. "మీ నాన్న బతికుండగా ముష్టెత్తలేదు, చచ్చాక మీరు ఆయనచేత ముష్టెత్తిస్తారా?"

నా నోరు అంతే, ముందూ వెనకా చూడదు. ఆయన కలం ఆపి నావైపు చూశాడు.

"మా నాన్న తన కొడుకు చెప్పులు ఎందుకు విప్పాడు? ఒక పిల్లాడు బడికి రావాలని. నేనూ అందుకే విప్పుతున్నాను. రాతిమీద ఎవడి పేరుంటే ఏమిటిరా? పిల్లలు చదివేది రాయి కాదుగా."

అది ఆయన రాసిన వాటిలోకెల్లా గొప్ప పేరా అయింది. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది గానీ, నిజంకన్నా బాగుంది. ఉత్తికాళ్ళతో ఇసకలో గంతులేస్తున్న పంతులు కొడుకు, గుర్రబ్బండి ఆపి దిగిన ధర్మాత్ముడు, ఆ పిల్లాడి కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని చెప్పులు తొడగడం, సిగ్గుతో తల వంచుకున్న పంతులు. చదివి నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, తుడుచుకుని ఆ కాగితం ఆయన ఒళ్ళోకి విసిరేశాను.

వసంత పంచమి నాడు మళ్ళీ అదే గది, అదే మనుషులు. లాభ పంచమి నాడు ఏం విన్నారో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు. మెహతాజీయే చదవాలన్నాడు శెఠ్. చదివాడు. చెప్పుల పేరా అయ్యాక శెఠ్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ పంతులు కొడుకు ఎవరో అనుకుంటున్నారేమో. వీడే! మా మెహతాజీ. చదువు మెహతాజీ, ఆ ముక్క మళ్ళీ చదువు. వెనకవాళ్ళకి వినపడినట్టు లేదు."

మెహతాజీ మళ్ళీ చదివాడు. అందరూ ఆయన కాళ్ళకేసి చూశారు. పరుపుమీద ఎవరి కాళ్ళకీ చెప్పులుండవు, శెఠ్ కాళ్ళకీ లేవు. అయినా మెహతాజీ కాళ్ళే చూశారు. ఆయన ధోవతి అంచు పాదాలమీదికి లాక్కుని, పేరా పూర్తిచేసి, మిగతా ఉత్తరం కూడా గొంతు తడబడకుండా చదివాడు.

శెఠ్ ఈసారి పెద్ద అంకె వేశాడు. చూసినవాళ్ళు గుడ్లు తేలేశారు. బట్టల వర్తకుడు, పాపం, లాభ పంచమి నాడు వెయ్యాలనుకున్నదంతా వేశాడు. నకళ్ళు ఈపోకి, క్లాంగుకి, సింగపూరుకి వెళ్ళాయి, అన్నీ మెహతాజీ చేతిరాతే, కింద శెఠ్ సంతకం. అన్నిచోట్ల నుంచీ డబ్బు వచ్చింది. మరుసటి వానలకి ముందే కప్పు పడింది. ఫోటో వచ్చింది. గుమ్మంమీద పాలరాయి, దానిమీద శెఠ్ తండ్రి పేరు, లోపల అద్దాల బీరువాలు. మెహతాజీ ఆ ఫోటోలో పాలరాయిని బొటనవేలితో కప్పి, బీరువాలకేసి చాలాసేపు చూసేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. అంకెలు పట్టి పట్టి చూసేవాడు, ఒకటి రెండుసార్లు ఉత్తరంలో వరస తప్పాడు. ఒకనాడు దేశం నుంచి ఓడలో ఒక కొత్త గుమాస్తా దిగాడు. ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. మర్యాదస్తుడు, నవ్వుమొహం. రాసిన నాలుగు పంక్తులు చూసి నాకు మతిపోయింది. అదే నిండు రాత. మెహతాజీకి వెలుగు దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన కాగితం కళ్ళకి ఆనించుకుని, "ఏ ఊరు నాయనా?" అన్నాడు.

మెహతాజీ వాళ్ళ ఊరే.

"గ్రంథాలయం తెరిచే ఉంటుందా?"

"రోజూ సాయంత్రం దీపాలవేళదాకా. నేను ఆ పుస్తకాల్లోనే పెరిగాను. అన్నీ చదివేశాను, కొన్ని రెండుసార్లు."

"చెదలు?"

"టేకు బీరువాలండీ, చెదలెక్కడ!"

మెహతాజీ నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే శెఠ్ లోపలినుంచి వచ్చి అన్నాడు. "చూశావా మెహతాజీ, నీ గ్రంథాలయంలో పండిన పంట! నీకు కళ్ళు కనపడటం లేదు, ఇంక దేశం వెళ్ళి విశ్రాంతి తీసుకో. పని వీడికి అప్పగించు."

అప్పగించాడు. ఏ ఊరి వర్తకుడికి ఎలా రాయాలో, ఎవడికి ఏ మాట ముందు రాయాలో, అంతా కూర్చోబెట్టి నేర్పాడు. నేర్పుతున్నప్పుడు ఒకసారి ఆ కుర్రవాడు చటుక్కున ఆగి, పరుపుమీద ఆయన ఉత్తికాళ్ళు చూసి, కళ్ళు విప్పార్చాడు.

"మీరేనా ఆ పంతులుగారి అబ్బాయి? చెప్పులు లేని అబ్బాయి?"

గ్రంథాలయంలో ఆ ఉత్తరం అద్దం బిగించి గోడకి పెట్టారట. ఏటా శెఠ్ తండ్రి తిథినాడు పిల్లలచేత ఆ పేరా వల్లె వేయిస్తారట.

"నేనే" అన్నాడు మెహతాజీ.

ఓడరోజున నేనూ మా ఆవిడా జెట్టీకి వెళ్ళాం. మద్రాసుదాకా డెక్కు టిక్కెట్టు, అక్కడినుంచి రైలు. మా ఆవిడ దారికి అటుకులు మూటకట్టి ఇచ్చింది. మెట్లెక్కబోతూ ఉంటే కొత్త గుమాస్తా పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. అందులో చెప్పుల జత. కొత్తవి, మెరుస్తున్నాయి. మొదటి నెల జీతంలో కొన్నాడట.

"మీరు ఇంకెప్పుడూ ఉత్తికాళ్ళతో నడవకూడదు మెహతాజీ" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అందుకే నాకు వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఆయన కాళ్ళకి పాత చెప్పులు ఉండనే ఉన్నాయి. అవి వాడికి కనపడలేదు. "చిన్నప్పుడు ఆ పేరా వల్లించిన ప్రతిసారీ ఏడ్చేవాణ్ణి. శెఠ్‌గారు ఎంత బాగా రాశారో!"

నేను నోరు తెరిచాను. మెహతాజీ నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. ఆ పట్టు నొప్పెట్టింది.

"ఏదీ, ఒకసారి చెప్పు" అన్నాడు వాడితో.

వాడు చేతులు కట్టుకుని, జెట్టీమీద కూలీల మధ్య, బడిలో చెప్పినట్టే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. మెహతాజీ కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్క అక్షరం పోలేదు.

"అవును, బాగా రాశాడు" అన్నాడు.

వాడు వంగి ఆయన పాదాలు పట్టుకుని పాత చెప్పులు విప్పి, కొత్తవి తొడిగాడు. ఆ పేరాలో రాసి ఉన్నట్టే తొడిగాడు. ఆయన కాదనలేదు. పాతవి మా ఆవిడ చేతికి ఇచ్చి, వాడి తలమీద చెయ్యివేసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"ఆ కొత్తవి ఆయనకి పెద్దవి మావా, కాలు జారిపోతన్నాది" అంది మా ఆవిడ.